బాడుగకు తీసుకోవాలా, కొనాలా: 20 లక్షల యంత్రం మీద పన్ను పోను అసలు లెక్క

మార్చి దగ్గరపడేకొద్దీ రేణిగుంట దగ్గరి గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో యంత్రాలమ్మే ఏజెంట్ల తాకిడి పెరుగుతుంది. ఈమధ్య వాళ్లు యంత్రంతో పాటు లీజు కాగితాలు కూడా పట్టుకొస్తున్నారు. అందరిదీ ఒకే పాట. "అన్నా, కొంటే ఏటా పదిహేను శాతమే తరుగుదల. బాడుగ కడితే కట్టిందంతా ఖర్చే. పన్ను ఎంత మిగులుతుందో మీ ఆడిటర్‌నే అడగండి."

ఆ అడగడం చివరికి మా టేబుల్ దగ్గరికే వస్తుంది. నిరుడు ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్లది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, మెషీన్ షాపు. పంపులకూ వాల్వులకూ విడిభాగాలు తయారుచేస్తారు. ఉన్న యంత్రాలు చాలక ఇంకో వీఎంసీ కావాలనుకున్నారు. వీఎంసీ అంటే నిలువు స్పిండిల్ తిరుగుతూ ఇనుప దిమ్మను కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే యంత్రం. జీఎస్టీ కాకుండా ధర 20 లక్షలు. తమ్ముడు లీజు అంటాడు, అన్న కొందామంటాడు. ఇద్దరి జేబులోనూ ఒక్కో లెక్క ఉంది, రెండూ తప్పే. వాళ్ల అంకెల్ని కాస్త గుండ్రం చేసి ఇక్కడ వాడుకుంటున్నాను.

## ముందు, లీజు అనే మాటలో ఏముంది

అసలైన లీజులో యంత్రం ఫైనాన్స్ కంపెనీదే. మనం వాడుకుని బాడుగ కడతాం. ఆదాయపన్నులో తరుగుదల యజమానికి చెందుతుంది కాబట్టి అది ఆ కంపెనీకే పోతుంది. లీజుకిచ్చిన వాహనాల మీద తరుగుదల కంపెనీదేనని 2013లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మనకు దక్కేది, కట్టిన బాడుగను వ్యాపార ఖర్చుగా చూపుకోవడం.

హైర్ పర్చేజ్ దీనికి తలకిందులు. నెలనెలా కట్టేది బాడుగలాగే కనిపిస్తుంది కానీ, చివరి వాయిదా కట్టి నామమాత్రపు సొమ్ము ఇస్తే యంత్రం మన పేరు మీదికొస్తుంది. ఇక్కడ తరుగుదల మనది, వాయిదాలోని వడ్డీ భాగం మాత్రమే ఖర్చు. వాయిదా మొత్తాన్నీ ఖర్చు రాసుకుంటే అసెస్‌మెంట్‌లో అసలు భాగాన్ని కొట్టేస్తారు. అందుకే పైన "లీజు అగ్రిమెంట్" అని అచ్చు వేసి ఉన్నా చివరి పేజీ చదవాలి. గడువు తీరాక యంత్రం ఎవరి దగ్గర ఉంటుంది, ఎంతకు, అన్న క్లాజు అక్కడే ఉంటుంది.

అన్నదమ్ములకు వచ్చింది అసలైన లీజే. ఐదేళ్లు, ఏడాదికి 4,60,000 బాడుగ, ఐదేళ్లయ్యాక యంత్రం వెనక్కి ఇచ్చేయాలి.

## తమ్ముడి లెక్క, అన్న లెక్క

ఫర్మ్‌కు ఆదాయపన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. అంటే వంద రూపాయల ఖర్చు చూపితే 31 రూపాయల 20 పైసల పన్ను తగ్గుతుంది.

తమ్ముడి లెక్క ఏజెంటు నేర్పిందే. ఐదేళ్ల బాడుగ 23 లక్షలు. దాని మీద మిగిలే పన్ను 7.18 లక్షలు. కొంటే ఐదేళ్లలో తరుగుదల మీద మిగిలే పన్ను 4.12 లక్షలే. కాబట్టి లీజుతో మూడు లక్షలు లాభం.

ఇందులో ఉన్న మెలిక చిన్నదే. 7.18 లక్షలు మిగిలించుకోవడానికి 23 లక్షలు ఖర్చుపెట్టాడు, చివర చేతిలో ఏమీ లేదు. పన్ను మిగులు అనేది ఖర్చులో మూడో వంతు కూడా కాదు. ఎక్కువ ఖర్చుపెడితే ఎక్కువ పన్ను మిగలడం వింతేమీ కాదు.

అన్న లెక్క ఇంకో రకం. బాడుగ 23 లక్షలు, పన్ను మిగులు తీసేస్తే 15.82 లక్షలు. కొంటే 20 లక్షలు, అందులో పన్ను మిగులు 4.12, ఐదేళ్ల తర్వాత అమ్మితే వచ్చే 6 లక్షలు తీసేస్తే 9.88 లక్షలు. "చూడండి సార్, కొంటే ఆరు లక్షలు తక్కువ" అన్నాడు. ఆయన మరిచింది కాలాన్ని. కొనేవాడు 20 లక్షలూ ఈరోజే పెడతాడు. లీజువాడు ఐదేళ్ల మీద విడతలుగా పెడతాడు. ఐదేళ్ల తర్వాత వచ్చే 6 లక్షలను ఈరోజు చేతిలో ఉన్న 6 లక్షలతో సమానం చేసేశాడు.

## కాలానికి ధర కట్టడం: ఏ వడ్డీ రేటుతో?

భవిష్యత్తులో వచ్చే రూపాయిని ఈనాటి విలువకు తగ్గించాలంటే ఒక వడ్డీ రేటు కావాలి. ఫర్మ్ ఇదే యంత్రం కోసం బ్యాంకులో అప్పు తీసుకుంటే ఎంత పడుతుందో అదే సరైన రేటు, ఎందుకంటే లీజు కూడా ఒక రకం అప్పే. వీళ్ల బ్యాంకు 10.9 శాతం చెప్పింది. 20 లక్షలకు మొదటి ఏడాది వడ్డీ 2.18 లక్షలు. ఆ వడ్డీ ఖర్చు కాబట్టి దాని మీద 31.2 శాతం పన్ను మిగులుతుంది. నికరంగా జేబులోంచి పోయేది సుమారు 1.5 లక్షలు, అంటే 7.5 శాతం. పన్ను పోను అప్పు ధర అదే.

ఇక్కడ చాలామంది జారిపడతారు. 7.5 శాతంతో నేటి విలువ కట్టి, మళ్లీ కొనుగోలు వైపు ఖర్చుల్లో బ్యాంకు వడ్డీని కూడా కలుపుతారు. అప్పుడు వడ్డీ రెండుసార్లు పడినట్టు. 7.5 శాతంతో లెక్కిస్తే, పన్ను పోను బ్యాంకు వాయిదాలన్నింటి నేటి విలువ సరిగ్గా 20 లక్షలే అవుతుంది. కాబట్టి కొనుగోలు వైపు 20 లక్షలు పోయినట్టు రాసుకుంటే చాలు. అది బ్యాంకు సొమ్మా, పెట్టెలోంచి తీసిందా అన్నది ఈ లెక్కకు అక్కర్లేదు.

## కొంటే పడే ఖర్చు

యంత్రాలకు తరుగుదల 15 శాతం, ఏటా మిగిలిన విలువ మీద. తయారీ రంగంలో ఉన్న ఫర్మ్ కొత్త యంత్రం కొంటే మొదట 20 శాతం అదనపు తరుగుదల కూడా వస్తుంది. ఆ ఏడాది 180 రోజులకు తక్కువ వాడితే రెండూ సగమే వస్తాయి. అదనపు తరుగుదలలో మిగిలిన సగం మరుసటి ఏడాది చూపుకోవచ్చు. వీళ్లు ఏప్రిల్‌లోనే బిగించుకుంటారనుకుందాం. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటున్నారు కాబట్టి తరుగుదల 20 లక్షల మీదే. క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ మీద మళ్లీ తరుగుదల చూపకూడదు.

| ఏడాది | తరుగుదల | మిగిలే పన్ను | దాని నేటి విలువ |
|---|---|---|---|
| 1 | 7,00,000 | 2,18,400 | 2,03,163 |
| 2 | 1,95,000 | 60,840 | 52,647 |
| 3 | 1,65,750 | 51,714 | 41,628 |
| 4 | 1,40,888 | 43,957 | 32,915 |
| 5 | 1,19,754 | 37,363 | 26,026 |

చివరి నిలువు వరుస మొత్తం 3.56 లక్షలు. మొదటి ఏడాదే సగానికి పైగా వచ్చేసిందని గమనించండి. "ఏటా పదిహేను శాతమే" అన్న ఏజెంటు ఈ వరుసను చూపించడు.

ఐదేళ్లు నిండాక, కొత్త ఆర్థిక సంవత్సరం మొదట్లో 6 లక్షలకు అమ్మారనుకుందాం. దాని నేటి విలువ 4.18 లక్షలు. పుస్తకాల్లో అప్పటికి యంత్రం విలువ 6.79 లక్షలు. అమ్మిన ధరకూ దీనికీ మధ్య 79 వేల తేడా నష్టమే కదా, ఆ ఏడాదే ఖర్చు రాసుకోవచ్చా అని అన్న అడిగాడు. కుదరదు. ఒకే రేటున్న యంత్రాలన్నీ పన్ను లెక్కలో ఒకే బ్లాకు. ఒక యంత్రం అమ్మితే వచ్చిన సొమ్మును బ్లాకులోంచి తీసేస్తారు. షాపులో మిగతా యంత్రాలు ఉన్నన్నాళ్లూ ఆ 79 వేలు బ్లాకులోనే ఉండి, ఏటా 15 శాతం చొప్పున కరుగుతాయి. వాటి మీద ముందుముందు మిగిలే పన్ను నేటి విలువ 11 వేలకు కాస్త పైన.

20 లక్షల్లోంచి 3.564, 4.179, 0.114 లక్షలు తీసేస్తే కొనుగోలు అసలు ఖర్చు ఈనాటి విలువలో 12.14 లక్షలు.

## లీజుకైతే

ఇది తేలిక. 4,60,000 బాడుగ మీద 1,43,520 పన్ను మిగులుతుంది. నికరం 3,16,480. ఏడాది చివర కడతారనుకుంటే, ఏటా ఒక్కో రూపాయి చొప్పున ఐదేళ్లు కట్టేదాని నేటి విలువ 7.5 శాతంతో 4.0459 రూపాయలు. నికరాన్ని దానితో గుణించాలి. వెరసి 12.80 లక్షలు.

కొనడమే నయం, కానీ తేడా 66 వేలే. అన్న చెప్పిన ఆరు లక్షలూ కాదు, తమ్ముడు చెప్పిన మూడు లక్షలూ కాదు. ఐదేళ్ల మీద 66 వేలంటే నెలకు వెయ్యి రూపాయల చిల్లర.

అయితే బాడుగను ఏడాది చివర కట్టేదెవరు? నెలనెలా 38,333 కడతారు. అలా చూస్తే లీజు నేటి విలువ ఇంకో 63 వేలు పెరుగుతుంది. ఏడాది బాడుగ మొత్తం ముందే కట్టాలంటే మరీ ఎక్కువ. అదే 4,60,000ను ప్రతి ఏడాది మొదట్లో కడితే, పన్ను మిగులు మాత్రం ఏడాది చివరే వస్తుంది కాబట్టి లీజు ఖర్చు 14.20 లక్షలకు పోతుంది. బాడుగ అంకె ఒక్క రూపాయి కూడా మారలేదు, కట్టే తేదీ మారింది. కొటేషన్ల మీద "అడ్వాన్స్" అన్న మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో నాకు ఏటా ఆశ్చర్యమే. మిగతా లెక్కంతా తేలిగ్గా అర్థమయ్యేందుకు ఏడాది చివరి పద్ధతిలోనే కొనసాగిస్తాను. అది లీజుకే కాస్త అనుకూలమని గుర్తుంటే చాలు.

## లెక్కను తిప్పేసేది పన్ను కాదు, పాత యంత్రం ధర

పై లెక్కలో పన్ను రేటు, తరుగుదల రేటు చట్టంలో ఉన్నవి. బాడుగ కాగితం మీద ఉంది. వడ్డీ బ్యాంకు చెప్పింది. ఊహించింది ఒక్కటే, ఐదేళ్ల తర్వాత వచ్చే 6 లక్షలు. దాన్ని 3 లక్షలు చేసి చూద్దాం. అమ్మకం నేటి విలువ 2.09 లక్షలకు పడిపోతుంది. బ్లాకులో ఎక్కువ మిగులుతుంది కాబట్టి దాని మీద పన్ను 55 వేలు తిరిగొస్తుంది. కొనుగోలు ఖర్చు 13.80 లక్షలు. ఇప్పుడు లీజే లక్ష రూపాయల దాకా నయం.

ఈ రెండింటి మధ్య తూకం సమానమయ్యే చోటు 4.8 లక్షలు. ఐదేళ్ల యంత్రం అంతకన్నా ఎక్కువ పలికితే కొనడం మేలు, తక్కువైతే లీజు. నా లెక్కలో వచ్చిన ముఖ్యమైన అంకె ఇదే. అన్నదమ్ములు పన్ను గురించి పోట్లాడుకుంటూ ఉండగా, అసలు పోటీ పాత ఇనుము ధర దగ్గర జరుగుతోంది. లీజు తీసుకున్నవాడు ఆ ధర పడిపోయే ప్రమాదాన్ని ఫైనాన్స్ కంపెనీ నెత్తిన పెడతాడు. వాళ్లు ఊరికే మోయరు. వాళ్లకూ చివర 6 లక్షలు వస్తాయనుకుంటే, ఈ బాడుగలో వాళ్లకు పడే రాబడి 12 శాతం దగ్గర. బ్యాంకు 10.9 కన్నా ఎక్కువగా తీసుకుంటున్నది కొంత ఆ మోతకు కూలి.

పాత వీఎంసీ కొనేవాడు ఏం చూస్తాడు? పెయింటు చూడడు. స్పిండిల్ లోపల టెస్ట్ బార్ బిగించి, డయల్ గేజీ ముల్లు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతాడు. ముల్లు కదిలేది ఎన్ని మైక్రాన్లో చూస్తాడు. తర్వాత టేబుల్‌ను కాస్త ముందుకూ వెనక్కూ జరిపి బాల్ స్క్రూలో వదులు ఎంతుందో కొలుస్తాడు. తెర మీద స్పిండిల్ ఎన్ని గంటలు తిరిగిందో చదువుతాడు. చివరగా కంట్రోలర్ ఏ కంపెనీదని అడుగుతాడు, దానికి విడిభాగాలు దొరక్కపోతే మిగతాదంతా బాగున్నా ధర సగానికి తెగుతుంది. రెండు షిఫ్టులు నడిపే షాపులో ఐదేళ్ల యంత్రమూ, ఒక్క షిఫ్టు నడిపేచోట ఐదేళ్ల యంత్రమూ ఒకటి కావు. కాబట్టి 6 లక్షలా 3 లక్షలా అన్నది ఆడిటర్ చెప్పేది కాదు, షాపు నడిపేవాడు చెప్పేది.

ఇక్కడ లీజు వైపు ఇంకో చిక్కు. యంత్రం వెనక్కి ఇచ్చేటప్పుడు "మామూలు అరుగుదలకు మించిన నష్టం" కట్టాలన్న క్లాజు ఉంటే, దించిన ప్రమాదంలో కొంత మళ్లీ మన భుజం మీదికే వస్తుంది. ఎంత అరుగుదల మామూలో మైక్రాన్లలో రాసి లేకపోతే ఆ తగవు తెగదు.

## ఎవరు కొంటున్నారన్నదాన్ని బట్టి

అదే యంత్రాన్ని ఒక్కడే యజమానిగా ఉన్న వ్యాపారి కొంటే? కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 20 శాతం అదనపు తరుగుదల రాదు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కు అలాంటి విధానమే లేదు కాబట్టి అదనపు తరుగుదల నిలుస్తుంది. 31.2 శాతం శ్లాబులోనే ఉన్నాడనుకుని, అదనపు తరుగుదల తీసేసి లెక్కిస్తే కొనుగోలు ఖర్చు 12.53 లక్షలు. లీజుతో తేడా 27 వేలకు జారిపోతుంది. తక్కువ శ్లాబులో ఉంటే రెండు వైపులా పన్ను మిగులు తగ్గుతుంది, అతనికి వడ్డీ కూడా ఎక్కువ బరువవుతుంది, లెక్క మొత్తం మళ్లీ వేయాలి.

లాభమే లేని ఏళ్లలో మిగిలే పన్నూ ఉండదు. ఆ ఖర్చు ముందుకు పోతుంది, కానీ ఒకేలా పోదు. వాడుకోలేని తరుగుదలను ఎన్నేళ్లయినా ముందుకు తీసుకుపోవచ్చు. బాడుగ వల్ల వచ్చిన నష్టం వ్యాపార నష్టం కింద పడుతుంది, దాని ఆయుష్షు ఎనిమిదేళ్లే. కొత్తగా మొదలుపెట్టి మొదటి నాలుగైదేళ్లు నష్టాలు తప్పవనుకునేవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన తేడా.

జీఎస్టీ సంగతి వీళ్ల వరకూ చిన్నదే. కొంటే 18 శాతం చొప్పున 3.6 లక్షలు ఒకేసారి కట్టి, క్రెడిట్ కరిగేదాకా కొన్ని నెలలు ఆగాలి. లీజులో నెలనెలా బాడుగ మీద పడి నెలనెలా క్రెడిట్ అవుతుంది. తిరుపతిలో డయాగ్నస్టిక్ సెంటర్ నడిపేవాళ్లకు మాత్రం ఇది పెద్దదే. వైద్య సేవ మీద జీఎస్టీ లేదు, కాబట్టి క్రెడిట్ కూడా లేదు. వాళ్లకు జీఎస్టీ అచ్చంగా ఖర్చు. కొంటే యంత్రం ధర మీదే పడుతుంది. లీజులో అదే రేటు బాడుగ మొత్తం మీద, అంటే ఫైనాన్స్ కంపెనీ రాబడి మీద కూడా పడుతుంది. బ్యాంకు వడ్డీ మీద జీఎస్టీ ఉండదు.

ఇంకొక్క మాట. యంత్రాల బాడుగ నెలకు 50 వేలు దాటితే ఫర్మ్ 2 శాతం టీడీఎస్ కోయాలి. మరిచిపోతే ఆ ఖర్చులో 30 శాతాన్ని ఆ ఏడాది ఒప్పుకోరు. వీళ్ల 38,333కు ఆ బెడద లేదు. రెండో యంత్రం కూడా అదే కంపెనీ నుంచి తెస్తే ఉంటుంది.

## మార్చి తొందర

ఏజెంటు మార్చిలోనే ఎందుకు తరుముతాడన్నదానికీ లెక్క ఉంది. మార్చి 25న యంత్రం నడిచినా ఆ ఏడాదికి సగం తరుగుదల వస్తుంది. 20 లక్షల మీద సగం అంటే 17.5 శాతం, వారం రోజుల వాడకానికి 3.5 లక్షల ఖర్చు. ఇది నిజమే, కొనేవాళ్లకు లాభమే. కానీ లారీ దిగితే చాలదు, యంత్రం వాడకంలోకి రావాలి. ఒకచోట మార్చి 28న యంత్రం దిగింది, పునాది కాంక్రీటు ఆరలేదు, కరెంటు లోడు పెంచడం పూర్తికాలేదు. కమిషనింగ్ రిపోర్టు మీద తేదీ ఏప్రిల్ 19. ఇన్‌వాయిస్ చూపించి ఆ ఏడాది తరుగుదల అడిగితే నిలబడలేదు.

అన్నదమ్ములు ఆ తొందరలో పడలేదు. 4.8 లక్షల అంకె రాసిచ్చి పంపాను. వారం తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. చెన్నైలో పాత యంత్రాలు అమ్మే ఇద్దరిని కనుక్కున్నాడట. అదే మోడలు, ఐదేళ్లది, ఒక్క షిఫ్టు నడిచిందైతే ఒకాయన ఐదున్నర లక్షలు, ఇంకొకాయన ఐదు లక్షలు అన్నారు. రెండు షిఫ్టులదైతే నాలుగుకు మించదన్నారు ఇద్దరూ.

"మీరు ఎన్ని షిఫ్టులు నడుపుతారు?" అని అడిగాను.

"ఇప్పుడైతే ఒకటే సార్. అన్న మాత్రం కొత్త ఆర్డరు వస్తే రాత్రి కూడా నడపాలంటున్నాడు."

ఏజెంటు దగ్గరికి ఇంకోసారి వెళ్లి, అరుగుదల క్లాజులో షిఫ్టుల సంఖ్యకు ఏమైనా పరిమితి రాశారేమో అడిగి రమ్మన్నాను.